ఫోటోలో మైనస్ మాయమైతే: దూరం, మధ్యబిందువు, వాలు లెక్కల్లో తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

తిరుపతిలో సాయంత్రం ఇంట్లోనే ట్యూషన్ చెబుతాను. రాత్రి భోజనాలయ్యాక ఫోన్‌కి వచ్చే డౌట్లలో తరచూ ఒకటే మాట ఉంటుంది: "సార్, సూత్రం కరెక్టే, ఆన్సర్ మాత్రం కీతో కలవడం లేదు." సూత్రం నిజంగానే కరెక్టుగా ఉంటుంది. చదివిన బిందువే తప్పు.

సమస్య: మధ్యబిందువు కీతో కలవడం లేదు

మొన్న చంద్రగిరి నుంచి వచ్చే అమ్మాయి స్నేహితురాలి నోట్సు ఫోటో చూసి లెక్క చేసింది. A(2, 3), B(4, −5) అని రాసుకుంది. మధ్యబిందువు (3, −1), వాలు −4, దూరం √68 వచ్చాయి. కీలో మాత్రం (1, −1), −4/3, 10 ఉన్నాయి. మూడూ తప్పయ్యేసరికి టెన్షన్ పడి దూర సూత్రం నాలుగుసార్లు తిరగరాసింది.

నేను మధ్యబిందువు ఒక్కటే చూడమన్నాను. y నిరూపకం −1 రెండు చోట్లా కలిసింది, అంటే y విలువలను అనుమానించే పని లేదు. x నిరూపకం 1 రావాల్సింది 3 వచ్చింది, తేడా 2. అంటే ఆ 2 ముందే మైనస్ పోయింది.

ఎందుకంటే −2ను 2గా చదివితే రెండు x ల మొత్తం 4 పెరుగుతుంది. దాన్ని రెండుతో భాగిస్తాం కాబట్టి మధ్యబిందువు సరిగ్గా 2 జరుగుతుంది. మైనస్ పోయిన అంకె ఎంతో, మధ్యబిందువు అంతే జరుగుతుంది. A(−2, 3) అని మార్చి చూడండి: x తేడా 6, y తేడా −8. దూరం √(36 + 64) = 10, వాలు −8/6, అంటే −4/3. అన్నీ కలిశాయి.

ఆ తర్వాత ఫోటో పెద్దది చేసి చూపించాను. మైనస్ గీత బ్రాకెట్ వంపుకి అతుక్కుపోయి ఉంది. ఎడమ బ్రాకెట్ పక్కన ఉన్న మైనస్‌కి ఈ ప్రమాదం ఎక్కువ. దీనికి తిరగబడిన తప్పు కూడా ఉంది, కాగితం మడత గీత మైనస్‌లా కనిపించడం. అప్పుడు మధ్యబిందువు వెనక్కి జరుగుతుంది, జరిగే దూరం మాత్రం ఆ అంకె అంతే.

సమస్య: దూరం కలిసింది, వాలు గుర్తు మారింది

పిల్లల్ని ఎక్కువగా మోసం చేసేది ఇదే. దూరం కలిసిందంటే బిందువులు సరిగ్గానే చదివామని నమ్మేస్తారు. A(−2, 3), B(−6, 6) తీసుకోండి. తేడాలు −4, 3. దూరం 5, వాలు −3/4. రెండు x ల ముందూ మైనస్ కనబడక (2, 3), (6, 6) అని చదివారనుకుందాం. తేడాలు 4, 3, దూరం మళ్లీ 5. వర్గం చేయగానే గుర్తు పోతుంది కదా, అందుకని దూరానికి ఏ తేడా తెలియదు. వాలు మాత్రం 3/4 అయి కూర్చుంటుంది.

మైనస్‌లు x లవా, y లవా అన్నది వాలు చెప్పదు, మధ్యబిందువు చెబుతుంది. అసలు మధ్యబిందువు (−4, 4.5), మనకు వచ్చింది (4, 4.5). x లో 8 జరిగింది, అది 2 + 6. రెండు మైనస్‌లూ ఒకేసారి పోయాయన్నమాట.

ఇంకో మాట. x, y గుర్తులు నాలుగూ తిరగబడితే దూరమూ వాలూ రెండూ కలుస్తాయి, మధ్యబిందువు ఒక్కటే పట్టిస్తుంది. అందుకే లెక్క అడగకపోయినా మధ్యబిందువు వేసి చూడమంటాను.

కీ లేకపోతే?

ప్రశ్నలోనే ఏదో ఒక ఆధారం ఉంటుంది. 'రెండో పాదంలో' అని ఉంటే x మైనస్, y ప్లస్. పటం ఇచ్చి ఉంటే బిందువు y అక్షానికి ఎడమన ఉందా, కుడిన ఉందా చూస్తే x గుర్తు, x అక్షానికి పైన ఉందా, కింద ఉందా చూస్తే y గుర్తు తెలుస్తాయి. దూరం 10 లాంటి చక్కని సంఖ్య వచ్చింది కదా అని మాత్రం నమ్మకండి. జవాబు √68 అయిన లెక్కలూ పుస్తకాల్లో బోలెడు. ఏ ఆధారమూ దొరకకపోతే ఊహించకుండా ఫోటో పంపినవాళ్లనే అడగాలి.

ఫోటో తీసేటప్పుడు

పేజీ మొత్తం ఒకే ఫోటోలో పెడితే ఒక్కో అంకె ఆవగింజంత అవుతుంది. ఆ ఒక్క ప్రశ్నకే ఫోన్ దగ్గరగా పెట్టి, కాగితం చదునుగా పరిచి తీయండి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఫైలు కుదించుకుపోతుంది, సన్నటి గీతలు మసకబారుతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళుతుంది.

నా దగ్గర పిల్లలు ఇప్పుడు ఫోటో కింద బిందువులు టైపు చేసి పంపుతున్నారు: A(-2, 3), B(4, -5). ఆ లైను రాసేటప్పుడే "సార్, ఇక్కడ మైనస్ ఉందా లేదా?" అని అడుగుతున్నారు.