లాప్‌టాప్ చార్జర్ పోతే ఒరిజినలే కొనక్కర్లేదు
లాప్‌టాప్ చార్జర్ పోయి ఒరిజినల్ రేటు అడిగితే గుండె గుభేల్మంటుంది, కానీ మీది టైప్-సి పిన్‌తోనే చార్జ్ అయ్యేదైతే వేరేది వాడుకోవచ్చు. పాత అడాప్టర్ వెనక సన్నక్షరాల్లో అవుట్‌పుట్ దగ్గర 20V 3.25A అని ఉందనుకోండి, గుణిస్తే 65 వాట్లు, యూఎస్‌బీ పీడీ, అంటే పవర్ డెలివరీ అనే పద్ధతిలో పనిచేసే టైప్-సి చార్జర్లలో అదే లైన్ రాసున్నది తీసుకోండి. 100 వాట్లది పెట్టినా ఏం కాదు, లాప్‌టాప్ తనకి కావాల్సినంతే లాక్కుంటుంది, తక్కువైతేనే తంటా, వాడుతుండగానే బ్యాటరీ దిగిపోతుంటుంది. కేబుల్ 5 ఆంప్స్‌దే ఉండాలి, 3 ఆంప్స్‌ది 60 వాట్లు దాటనివ్వదు. అయితే రెండు పోర్టుల చార్జర్‌కి పక్కనే ఫోన్ కూడా తగిలిస్తే ఆ 65 చీలిపోయి లాప్‌టాప్‌కి 45 మాత్రమే వెళ్లొచ్చు, డబ్బా మీద ఆ లెక్క రాసుంటుంది, చూసే కొనండి.