స్పాన్సర్లకు మెయిళ్లు రాయడం – 4వ పాఠం: ఏ విడతకు ఏం దక్కుతుంది?

కిందటి పాఠంలో స్పాన్సర్ సరేనన్నాక ఒప్పందాన్ని ఒక పేజీలో రాసుకున్నాం. ఇప్పుడు ఇన్వాయిస్‌తో పాటు వెళ్లే మెయిల్ సంగతి చూద్దాం. కర్నూలులో మూడు రోజుల నాటిక పోటీలకు కోశాధికారిగా ఉన్నప్పుడు ఒక విత్తనాల కంపెనీకి నేను పంపిన మెయిల్ ఇది.

> సబ్జెక్ట్: ఇన్వాయిస్
> గౌరవనీయులైన సార్, మా పోటీలకు మీరు స్పాన్సర్‌గా ఉండడం మా అదృష్టం. రూ. 1,50,000కు ఇన్వాయిస్ జతచేశాను. మూడు విడతలుగా వీలైనంత త్వరగా పంపగలరు. మీ లోగో పాంప్లెట్లు, ఫ్లెక్సీలు, స్టేజీ అన్నిచోట్లా వేస్తాం.

మర్యాదకు లోటు లేదు. కానీ పాంప్లెట్లు అచ్చుకు వెళ్లే రోజుకి వాళ్ల నుంచి ఒక్క రూపాయి రాలేదు. లోగో లేకుండానే అచ్చయ్యాయి. పోటీలకు వారం ముందు రూ. 50,000 వేసి, ఆ కంపెనీ మేనేజర్ ఫోన్ చేశారు. "అన్నిచోట్లా అని మీరే రాస్తిరి కదా సార్!" నిజమే, నేనే రాసినాను. విడత అంటే ఎంతో రాయలేదు, ఎప్పటికో రాయలేదు. పైగా మొత్తానికి ఒకే ఇన్వాయిస్ పంపాను కాబట్టి, దానిలో ఎంత భాగం ఇప్పుడు కట్టాలో వాళ్ల అకౌంట్స్ వాళ్లకూ తెలియలేదు.

తిరగరాసే ముందు కాగితం మీద ఒక పని చేయండి. డబ్బు గడువును మన అవసరాన్ని బట్టి పెట్టకండి. ఆ డబ్బుతో ముడిపడిన పని ఏ రోజు చేయిదాటిపోతుందో చూసి, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. పోటీలు జనవరి 23 నుంచి 25 దాకా అనుకుందాం. పాంప్లెట్ జనవరి 2న ప్రెస్సుకు వెళ్లాలంటే మొదటి విడత డిసెంబర్ 30కి రావాలి. స్టేజీ వెనక కట్టే పెద్ద ఫ్లెక్సీకి పోటీలకు వారం ముందు ఆర్డర్ ఇస్తే చాలనిపిస్తుంది. కానీ మధ్యలో సంక్రాంతి ఉంది, ఫ్లెక్సీ షాపుల్లో పనివాళ్లు ఊళ్లకు పోతారు. కాబట్టి ఆర్డర్ జనవరి 9నే ఇచ్చేయాలి, రెండో విడత 7కి రావాలి.

చివరి విడతే చిక్కు. పోటీలు అయిపోయాక కూడా స్పాన్సర్‌కు మన దగ్గర ఏదో ఒకటి అందాల్సి ఉంటేనే ఆ డబ్బు కదులుతుంది. అందుకే ఫోటోలు, వీడియో, పేపర్ కటింగ్‌లతో ఒక నివేదిక ఆఖరికి ఉంచాను, మొత్తాన్ని కూడా చిన్నదిగా పెట్టాను. అది రాకపోయినా మనం మునగకూడదు.

తిరగరాసిన మెయిల్ ఇదిగో:

> సబ్జెక్ట్: నాటిక పోటీల స్పాన్సర్‌షిప్ – మొదటి విడత రూ. 60,000, గడువు డిసెంబర్ 30
>
> నమస్కారం సార్. మొదటి విడతకు ఇన్వాయిస్ జతచేశాను. ఒప్పుకున్న రూ. 1,50,000 మూడు విడతల్లో ఇలా:
>
> 1. రూ. 60,000, డిసెంబర్ 30 లోపు. ఇది మా ఖాతాలో పడ్డాక పాంప్లెట్ మీద, ఊళ్లో కట్టే 10 ఫ్లెక్సీల మీద మీ లోగో వేస్తాం.
>
> 2. రూ. 60,000, జనవరి 7 లోపు. ఇది అందాక స్టేజీ ఫ్లెక్సీ మీద మీ లోగో, ప్రతి నాటికకు ముందు మీ పేరు ప్రకటన, ముందు వరుసలో 6 సీట్లు.
>
> 3. రూ. 30,000, ఫిబ్రవరి 10 లోపు. ఇది అందిన మూడు రోజుల్లో ఫోటోలు, వీడియో, పేపర్ కటింగ్‌లతో నివేదిక పంపుతాం.
>
> గడువు దాటి వస్తే, అప్పటికే అచ్చుకు వెళ్లినవాటిలో మీ లోగో చేర్చలేం. మిగతా ప్రయోజనాలు అలాగే ఉంటాయి. మీరు టీడీఎస్ మినహాయించి పంపితే, ఆ విడత పూర్తిగా అందినట్టే లెక్కిస్తాం. మా పాన్ నంబర్ ఇన్వాయిస్‌లో ఉంది.
>
> లోగో ఫైల్ కూడా డిసెంబర్ 30 లోపే పంపగలరు.

టీడీఎస్ వాక్యం చిన్నదే కానీ తీసేయకండి. స్పాన్సర్‌షిప్‌ను ప్రకటన కిందే లెక్కిస్తారు కాబట్టి కంపెనీ 2 శాతం ఆదాయపు పన్ను కింద ముందే పట్టుకోవచ్చు. అప్పుడు ఖాతాలో పడేది 58,800. ఆ మాట రాయకపోతే, "ఇంకా 1,200 రావాలి" అని మన కుర్రాడెవరో స్పాన్సర్‌కు ఫోన్ చేస్తాడు. టెన్షన్ మనకి, విసుగు వాళ్లకి.

"పంపాక" అనకుండా "ఖాతాలో పడ్డాక" అని రాయడం కూడా కావాలనే. చెక్కు ఇచ్చిన రోజు వేరు, అది పాసైన రోజు వేరు. మధ్యలో రెండో శనివారం వస్తే ఇంకో రోజు పోతుంది.

ఒక్క విషయంలో మాత్రం నాకు ఇంకా అనుమానం ఉంది. పాత స్పాన్సర్‌కు, మన ఊరివాడికి "చేర్చలేం" అని రాస్తే నొచ్చుకుంటాడేమో అని. అలాంటప్పుడు వాక్యం తీసేయను. ముందు ఫోన్‌లో చెప్పి, తర్వాత మెయిల్ పంపుతాను.

అభ్యాసం: రెండో విడత డబ్బు జనవరి 7కి కాకుండా 12న వచ్చింది, స్టేజీ ఫ్లెక్సీ అప్పటికే ప్రింటయింది. స్పాన్సర్‌కు నాలుగు వాక్యాల మెయిల్ రాయండి. ఏది పోయిందో, ఏవి మిగిలాయో అందులో ఉండాలి. క్షమాపణ అక్కర్లేదు. మీరు రాసినదాన్ని పక్కన పెట్టుకోండి, వచ్చే పాఠం దానితోనే మొదలవుతుంది.