గాలి చాలక కాదు, బయటికి రాక: ఎంఫసీమా, క్రానిక్ బ్రాంకైటిస్‌లలో ఆయాసం

సమస్య

కొత్తపేట వైపు నుంచి ఒక కొబ్బరి రైతు వచ్చారు. వయసు 64. నలభై ఏళ్లుగా లంక పొగాకు చుట్ట కాలుస్తున్నారు. రేవులో స్నానం చేసి గట్టెక్కడానికి ఇరవై మెట్లు. పదో మెట్టుకే ఆగిపోతున్నారు. “ఎంత పీల్చినా గాలి లోపలికి వెళ్లట్లేదండి” అన్నారు.

పక్కటెముకల మీద చెయ్యి వేసి, ఊపిరి పూర్తిగా వదలమన్నాను. ఎముకలు కిందికి దిగలేదు. ఛాతీ పీపాలా నిండుగానే ఉంది. గాలి ఆయన లోపల చాలానే ఉంది, పాత గాలి బయటికి రాక కొత్త గాలికి చోటు లేదు. ఇక్కడ పొరబడితే చేసే పనంతా తలకిందులవుతుంది. గాలి కోసం గబగబా పీల్చిన కొద్దీ ఆయాసం పెరుగుతుంది.

కారణం

గాలి చిక్కుకోవడానికి దారులు రెండు.

మొదటిది క్రానిక్ బ్రాంకైటిస్. వరసగా రెండేళ్లు, ఏడాదికి కనీసం 3 నెలలు, దాదాపు రోజూ కఫంతో దగ్గు ఉండి, దానికి వేరే జబ్బు కారణం కాకపోతే ఆ పేరు పెడతాం. పొగకు ఊపిరి గొట్టాల లోపలి కఫం గ్రంథులు ఉబ్బుతాయి, కఫాన్ని పైకి నెట్టే సన్నటి నూగు రాలిపోతుంది, గోడ మందమవుతుంది. గుర్రపుడెక్క పట్టిన పంట కాలువలాగ దారి ఇరుకవుతుంది. కొబ్బరి కమ్మలు, డొక్కలతో ఏళ్లకేళ్లు పొయ్యి మీద వండిన ఆడవాళ్లలో, చుట్ట ముట్టకపోయినా, ఈ రకం ఎక్కువ చూస్తాం.

రెండోది ఎంఫసీమా. ఇక్కడ దెబ్బతినేది గొట్టాల చివర ఉన్న గాలి సంచులు. పొగ వల్ల చేరిన తెల్ల కణాలు వదిలే ఎంజైములు సంచుల గోడల్లోని సాగే నారను తినేస్తాయి. చిన్న సంచులు కలిసిపోయి పెద్ద ఖాళీలవుతాయి. దీంతో రెండు నష్టాలు. ఒకటి, పాత రబ్బరు బుడగలా ఊపిరితిత్తికి తనంతట తాను ముడుచుకునే బిగువు పోతుంది. రెండోది చాలామందికి తెలియనిది. సన్న గొట్టాలకు సొంతంగా గట్టి గోడ ఉండదు. చుట్టూ ఉన్న సంచుల గోడలే, పెళ్లి షామియానాను నాలుగు వైపులా లాగి పట్టే తాళ్లలాగ, వాటిని తెరిచి ఉంచుతాయి. ఆ తాళ్లు తెగితే, గట్టిగా ఊదినప్పుడు ఛాతీ ఒత్తిడికి గొట్టం మూసుకుపోతుంది. గాలి వెనకే ఉండిపోతుంది.

మెట్ల దగ్గర ఏం జరిగిందో ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. నిమిషానికి 30 సార్లు ఊపిరి తీస్తే ఒక్కోదానికి 2 సెకన్లు. పీల్చడానికి ఒకటి పోతే వదలడానికి మిగిలేది ఒక్క సెకను. అర లీటరు పీల్చి 450 మిల్లీలీటర్లే వదిలితే, పది ఊపిరుల్లో అర లీటరు అదనంగా లోపల పేరుకుంటుంది. ఊపిరితిత్తుల కింద ఉండి గాలిని లోపలికి లాగే కండరం డయాఫ్రమ్ అప్పటికే చదునుగా అణిగిపోయి ఉంటుంది, ఇంక లాగలేదు.

ఏది ఎంతో తేల్చడం

స్పైరోమెట్రీ అనే ఊదే పరీక్షలో ఈయన, ఇన్‌హేలర్ ఇచ్చాక కూడా, మొత్తం 2.8 లీటర్లు ఊది మొదటి సెకనులో 1.2 మాత్రమే వదిలారు. అంటే 43 శాతం. 70 కంటే తగ్గితే అడ్డు ఉన్నట్టే. కానీ అడ్డు కఫం వల్లా, తాళ్లు తెగడం వల్లా అన్నది ఈ పరీక్ష చెప్పదు. సీటీలో ఖాళీలు కనిపించి, రక్తంలోకి గాలి చేరే సామర్థ్యాన్ని చూసే డిఫ్యూజన్ పరీక్ష తగ్గితే ఎంఫసీమా. బ్రాంకైటిస్ ఒక్కటే అయితే ఆ పరీక్ష మామూలుగానే ఉండొచ్చు. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. ఈయనలో ఎంఫసీమా పాలు ఎక్కువ.

పరిష్కారం

ముందు ఊపిరి వదలడం నేర్పాను. ముక్కుతో రెండు లెక్కపెట్టేంతసేపు పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి, వేడి టీ చల్లార్చినట్టు మెల్లగా నాలుగు లెక్కపెట్టేంతసేపు వదలాలి. గట్టిగా ఊదకూడదు. పెదాల దగ్గర ఆపినందువల్ల గొట్టాల్లో కాస్త ఒత్తిడి నిలిచి అవి మూసుకుపోవు. మెట్టు మీద నిలబడి పీల్చాలి, వదులుతూ రెండు మెట్లు ఎక్కాలి.

రోజూ వాడే దీర్ఘకాలిక ఇన్‌హేలర్ గొట్టాల కండరాన్ని వదులు చేస్తుంది. ఊదే అంకె పెద్దగా మారకపోయినా చిక్కుకున్న గాలి తగ్గి నడక తేలికవుతుంది. అంకె మారలేదని మానేయొద్దు. కఫం ఎక్కువున్నవాళ్లు నోరు తెరిచి “హా” అని వదులుతూ కళ్లెను పైకి తెచ్చుకోవాలి. చుట్ట మానితే దగ్గు, కఫం తగ్గుతాయి, నష్టం నెమ్మదిస్తుంది. పోయిన సంచులు మాత్రం తిరిగి రావు.

ఆక్సిజన్ పెట్టినంత మాత్రాన చిక్కుకున్న గాలి బయటికి రాదు. ఈ జబ్బులో దాన్ని సాధారణంగా రక్తంలో ఆక్సిజన్ శాతం 88 నుంచి 92 మధ్య ఉండేలా ఇస్తాం. ఇంట్లోవాళ్లు టెన్షన్‌తో సిలిండర్ పెంచేస్తే కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మత్తు రావచ్చు. మత్తు, పెదాలు నీలబడడం, ఉన్నట్టుండి ఛాతీలో ఒక పక్క నొప్పితో ఆయాసం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కళ్లె పచ్చగా మారి ఆయాసం పెరిగితే ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

ఆరు వారాల తర్వాత ఈయన మళ్లీ వచ్చారు. స్పైరోమెట్రీలో 1.2 కాస్తా 1.25 అయింది, అంతే. గట్టు మాత్రం పద్నాలుగో మెట్టు దగ్గర ఒక్కసారి ఆగి ఎక్కుతున్నారట.