పోసిన స్లాబ్ తెల్లారినా గట్టిపడకపోతే: కెమికల్ డోసు లెక్క ఎక్కడ తప్పింది?

సమస్య: జనవరిలో హన్మకొండలో ఒక ఇంటి స్లాబ్. సాయంత్రం పోసింది మర్నాడు పొద్దున కూడా బొటనవేలు నొక్కితే దిగబడుతోంది. ముందురోజు పైన నీళ్లు తేరాయి, కంకర కిందికి దిగింది. మేస్త్రీ సిమెంటు పాతదన్నాడు, ఓనరు చలి అన్నాడు. చలికి కొంత ఆలస్యం అవుతుంది గానీ ఇంత కాదు.

కారణం: మిక్సర్ దగ్గరి కుర్రాణ్ని అడిగితే తేలిపోయింది. "బస్తాకు ఎనిమిది వందల మి.లీ. పోస్తున్నం సార్, కాగితం మీద అట్లనే ఉన్నది." కాగితం మీద ఉన్నది సిమెంటు బరువులో 0.8 శాతం. అంటే 100 కిలోలకు 800 గ్రాములు. బస్తా 50 కిలోలే కాబట్టి 400 గ్రాములు చాలు. ఇది మొదటి తప్పు. గ్రాముల్ని మిల్లీలీటర్లుగా కొలవడం రెండోది. ఆ కెమికల్ సూపర్‌ప్లాస్టిసైజర్, తక్కువ నీళ్లతోనే కాంక్రీటు జారేలా చేసేది. డబ్బా మీద స్పెసిఫిక్ గ్రావిటీ 1.2 అని ఉంది, నీళ్లకంటే బరువు. 800 మి.లీ. అంటే 960 గ్రాములు, బస్తా మీద 1.92 శాతం. కాంక్రీటు పనుల ప్రమాణం ఐఎస్ 456 సూపర్‌ప్లాస్టిసైజర్‌కు మామూలుగా ఒప్పుకునే హద్దు 2 శాతం. దాదాపు అంచుదాకా పోయింది.

సరైన లెక్క:

```
లీటర్లు = సిమెంటు కిలోలు × శాతం ÷ 100 ÷ స్పెసిఫిక్ గ్రావిటీ
50 × 0.8 ÷ 100 ÷ 1.2 = 0.333
```

బస్తాకు 333 మి.లీ. సైట్లో ఎవరూ ప్రతిసారీ భాగహారం చెయ్యరు. కిరాణా కొట్టు త్రాసు మీద ఖాళీ సీసా పెట్టి సున్నా చేసి, 400 గ్రాములు పోసి, ఆ మట్టానికి గీత గియ్యండి. అప్పుడు స్పెసిఫిక్ గ్రావిటీతో పనే లేదు. డబ్బా మారితే మాత్రం కొత్త గీత గియ్యాలి. పోసేటప్పుడు పొడి సిమెంటు మీద కాక, కొంత నీళ్లలో కలిపి చివర్న పొయ్యాలి.

పోసేసిన స్లాబ్ సంగతి: పైన సిమెంటు చల్లొద్దు. మనుషుల్ని ఎక్కనివ్వకుండా, ఆరిపోకుండా కప్పి ఉంచండి. సెంట్రింగ్ అనుకున్న రోజుకే విప్పొద్దు. ఆలస్యంగానైనా గట్టిపడితే తర్వాతి బలం చాలావరకు వస్తుంది. కంకర దిగిపోయిన చోటే అసలు భయం, అక్కడ ఇంజనీరుతో పరీక్ష చేయించాల్సిందే.

ఇంకో సమస్య, దీనికి తలకిందులు: కాంక్రీటు బిర్రుగా వస్తోంది, కుర్రాళ్లు నీళ్లు పోస్తున్నారు. కాంక్రీటు కలిపే ప్లాంటులో రామగుండం ఫ్లై యాష్ విడిగా వేస్తే ఒకసారి లెక్క చూడండి. క్యూబిక్ మీటరుకు సిమెంటు 260, యాష్ 80 కిలోలు ఉంటే అదే 0.8 శాతం మొత్తం 340 మీద కట్టాలి, అంటే 2.72 కిలోలు. 260 మీదే కడితే 2.08 వస్తుంది, దాదాపు పావువంతు తక్కువ. పీపీసీ బస్తాలో యాష్ ముందే కలిసి ఉంటుంది, దానికి 50 కిలోలే పట్టండి.