ఆలస్యంగా వచ్చినవాళ్ల కోసం మీటింగ్ ఆగకుండా ఇలా చేశాను

చిత్తూరు ప్రాంతంలో మా మామిడి రైతుల సంఘానికి వారానికోసారి రాత్రి 7 గంటలకు జూమ్ మీటింగ్ ఉంటుంది. బంగారుపాళ్యం, దామలచెరువు, పలమనేరు వైపు నుంచి అందరూ ఫోన్లోనే చేరతారు. ఎవరు లేటుగా వచ్చినా పలకరింపులు, చెప్పిందే చెప్పడం మళ్లీ మొదలయ్యేవి. సమయానికి వచ్చినవాళ్లకు అది అన్యాయం.

ఇప్పుడు 6:50కే మీటింగ్ తెరుస్తాను. వచ్చినవాళ్లను పేరుపెట్టి పలకరిస్తాను: "నమస్తే అన్నా, మాట బాగా వినిపిస్తా ఉంది. మీ వైపు వాన పడిందా?" దీంతో వాళ్ల మైకు పనిచేస్తోందో లేదో కూడా తెలిసిపోతుంది. తోతాపురి ధర గురించి మాత్రం అప్పుడు అడగను. అడిగితే అసలు చర్చ అక్కడే మొదలై, తర్వాత వచ్చినవాళ్లకు తలాతోకా అర్థం కాదు.

7:03కి మాటలు ఆపి, "ఈరోజు రెండు విషయాలు, 7:45కి ముగిస్తాం" అని చెప్తాను. మొదట పోయిన వారం పనులు. నిర్ణయం తీసుకోవాల్సింది 7:15 తర్వాతే.

ఆ తర్వాత వచ్చినవాళ్లను మాట ఆపి పలకరించను. కో-హోస్ట్‌గా ఉన్న అక్క చాట్‌లో "నమస్తే అన్నా, ఇప్పుడు రెండో విషయం నడుస్తా ఉంది" అని పెడుతుంది. మామూలుగా జూమ్‌లో మనం చేరకముందు పెట్టిన చాట్ మనకు కనిపించదు. అందుకే ఒక్కసారి పెడితే చాలదు, కొత్తవాళ్లు చేరిన ప్రతిసారీ పెట్టాలి. ఎవరైనా చేరినప్పుడు మోగే గంటను కూడా సెట్టింగ్స్‌లో ఆపేశాం.

ఫోన్ నంబరుతో డయల్ చేసి వచ్చేవాళ్లకు చాట్ ఉండదు. వాళ్లను మాత్రం ఒక విషయం ముగిశాక నోటితోనే పలకరిస్తాను.