మూడు వారాలుగా హెచ్‌ఆర్ ఉలుకూ పలుకూ లేదా? ఫోన్ చేసే ముందు జాగ్రత్తలు

బెంగళూరులో ఉద్యోగం ఇంటర్వ్యూ చివరి రౌండ్ బాగానే అయింది. "వారంలో చెబుతాం" అన్నారు. మూడు వారాలైనా జవాబు లేదు. ఇప్పుడు మూడో మెయిల్ పెట్టాలా, ఫోన్ చేయాలా? మీ మెడ మీద తేదీ ఏదైనా ఉందేమో చూసుకుని తేల్చుకోండి.

జూన్ 3న చివరి రౌండ్ అయిందనుకుందాం. 10న ఒక మెయిల్, 18న అదే థ్రెడ్‌లో ఇంకొకటి పెట్టారు. ఈలోగా ఇంకో కంపెనీ ఆఫర్ ఇచ్చి, 27లోగా ఒప్పుకోమంది. అయితే 24నే ఫోన్ చేయండి. మెయిల్ పెట్టి కూర్చుంటే గడువు కాస్తా దాటిపోవచ్చు. మూడు రోజుల ముందు చెబితే పైవాళ్లను కదపడానికి రిక్రూటర్‌కి వ్యవధి ఉంటుంది. 26 సాయంత్రం చెబితే ఆమె చేతుల్లోనూ ఏమీ ఉండదు.

ఫోన్‌కి ఇంకో లాభం ఉంది. ఆఫర్ అప్రూవల్ ఫైనాన్స్ దగ్గర ఆగిందనో, ముందు వరసలో ఉన్న అభ్యర్థి ఇంకా ఏమీ తేల్చలేదనో రిక్రూటర్లు మెయిల్లో రాయరు. నోటిమాటగా అయితే కొంతైనా చెబుతారు. తేదీ ఏదీ లేకపోయినా, రెండు మెయిళ్లకీ జవాబు రాకపోతే ఒక్కసారి ఫోన్ చేయడానికి ఈ కారణం చాలు. నెల పడుతుందని వాళ్లు ముందే చెప్పి ఉంటే మాత్రం ఆగండి.

నంబర్ నొక్కే ముందు స్పామ్ ఫోల్డర్, పోర్టల్లో స్టేటస్ చూడండి. మొదట మీకు ఫోన్ చేసిన రిక్రూటర్‌కే చేయాలి. ఇంటర్వ్యూ చేసిన మేనేజర్ నంబర్ ఎక్కడో సంపాదించి చేస్తే రిక్రూటర్ నొచ్చుకుంటారు. కన్సల్టెన్సీ ద్వారా వెళ్లినవాళ్లు కన్సల్టెన్సీనే అడగాలి. సోమవారం ఉదయం మీటింగులతో సరిపోతుంది కాబట్టి మంగళవారం నుంచి గురువారం లోపు, పదకొండు గంటల ప్రాంతంలో చేయండి. తెలియని నంబర్ ఎత్తరు. పేరు, పోస్టు రాసి ముందు చిన్న మెసేజ్ పంపండి.

మాట ఇంతే చాలు: "మేడం, 3న బ్యాకెండ్ పోస్టుకి చివరి రౌండ్ అయింది. రెండు నిమిషాలు మాట్లాడొచ్చా? నాకు ఇంకో ఆఫర్ వచ్చింది, 27లోగా చెప్పాలి. అంతలోపు మీ నిర్ణయం తెలిసే వీలుందా?" అవతలి కంపెనీ పేరు చెప్పక్కర్లేదు. లేని ఆఫర్ ఉందని మాత్రం అనొద్దు. ఆఫర్ లెటర్ కాపీ పంపమంటే అక్కడే దొరికిపోతారు.

ఎత్తకపోతే ఆ రోజు మళ్లీ చేయకండి, మర్నాడు ఒక్కసారి చూడండి. మాట్లాడితే గంటలోపు పాత థ్రెడ్‌లోనే "26 సాయంత్రానికి చెబుతామన్నారు, ధన్యవాదాలు" అని రాసి పెట్టండి. "మీకే వస్తుంది, ఆగండి" అన్న మాట నమ్ముకుని చేతిలో ఉన్న ఆఫర్‌ని వదులుకోవద్దు. 27 మధ్యాహ్నానికి కాగితం రాకపోతే రెండో కంపెనీకి సరేనని చెప్పేయండి.