బిల్లుల లెక్క – 4వ పాఠం: వదిలేసిన సీడీకి ఏడాది వడ్డీ ఎంత?

పోయిన పాఠంలో సరఫరాదారు బిల్లు మీద గడువు షరతులు ఎలా చదవాలో చూశాం. ఈసారి ఆ షరతులనే వడ్డీ రేటుగా మారుద్దాం. ఇందుకు గాజువాక ఆటోనగర్‌లోని ఒక ఫ్యాబ్రికేషన్ షాపు బిల్లులు మూడు తీసుకున్నాను. లెక్క తేలిగ్గా ఉండటానికి మొత్తాలను గుండుగా సవరించాను.

ఈ షాపుకు వాల్వులు, పైపు ఫిట్టింగులు ఇచ్చే డీలరు షరతు ఇది: బిల్లు తేదీ నుంచి 10 రోజుల్లో కడితే బేసిక్ ధర మీద 2 శాతం క్యాష్ డిస్కౌంట్, అంటే మార్కెట్‌లో అందరూ అనే సీడీ. లేదంటే 30 రోజుల్లో పూర్తి మొత్తం. షాపు యజమాని మూడు బిల్లులకూ సీడీ వదిలేశారు. అడిగితే, "రెండు శాతమే కదండీ, ఏటుందందులో?" అన్నారు.

మొదటి బిల్లు చూద్దాం. తేదీ జూన్ 3. బేసిక్ 2,00,000, జీఎస్టీ 18 శాతం చొప్పున 36,000, మొత్తం 2,36,000. జూన్ 13 లోపు కట్టి ఉంటే సీడీ 4,000 పోను 2,32,000 సరిపోయేది. ఆయన జూలై 3న పూర్తిగా 2,36,000 కట్టారు.

ఇక్కడ అసలు జరిగింది ఏమిటి? జూన్ 13న ఆయన చేతిలోంచి పోవాల్సిన 2,32,000 మరో 20 రోజులు ఆయన దగ్గరే ఉంది. అందుకు 4,000 అదనంగా ఇచ్చారు. అంటే డీలరు దగ్గర 2,32,000 అప్పు తీసుకుని 20 రోజులకు 4,000 వడ్డీ కట్టినట్టే. మొదటి 10 రోజులను లెక్కలోకి తీసుకోం. సీడీ తీసుకున్నవాడికి కూడా ఆ 10 రోజుల అప్పు ఉచితంగానే దొరుకుతుంది.

4,000ను 2,32,000తో భాగిస్తే 1.724 శాతం. ఇది 20 రోజులకు. ఏడాదికి మార్చాలంటే 365తో గుణించి 20తో భాగించాలి: 31.5 శాతం వస్తుంది. మన వాడుకలో చెప్పాలంటే నూటికి నెలకు రెండు రూపాయల అరవై పైసల వడ్డీ. బయట ఎవరైనా ఆ రేటుకు అప్పిస్తానంటే ఈ యజమాని కచ్చితంగా బేరమాడేవారు.

పాఠ్యపుస్తకాల్లో 2 శాతం, 10 రోజులు, 30 రోజులు అనే షరతుకు 37.2 శాతం అని ఉంటుంది. అక్కడ 2ను 98తో భాగిస్తారు. మన బిల్లుల్లో ఆ అంకె రాదు. సీడీ బేసిక్ మీదే ఇస్తారు, కట్టాల్సింది మాత్రం జీఎస్టీతో కలిపి. వచ్చే లాభం 4,000 అయితే, అందుకోసం ముందుగా తీయాల్సిన డబ్బు 2,32,000. ఈ డీలరు సీడీకి జీఎస్టీ తగ్గించకుండా మామూలు క్రెడిట్ నోటు ఇస్తారు కాబట్టి 36,000 అలాగే ఉంటుంది. పన్ను మీద కూడా సీడీ ఇచ్చేవారుంటే లెక్క మారుతుంది, కాబట్టి సీడీ దేని మీద అన్నది ముందే అడిగి తెలుసుకోండి. ఇక చక్రవడ్డీగా వేస్తే మన 31.5 కాస్తా 36.6 అవుతుంది. కానీ బ్యాంకు చెప్పే రేటుతో పోల్చడానికి ఈ మామూలు లెక్కే చాలు.

రెండో బిల్లు జూన్ 12ది. బేసిక్ 1,50,000, మొత్తం 1,77,000, సీడీ 3,000, సీడీకి చివరి తేదీ జూన్ 22. గడువు జూలై 12 అయినా షాపు ఆగస్టు 1న కట్టింది. డీలరు ఏమీ అనలేదు. బిల్లు మీద రాసిన 30 రోజులతో లెక్కేస్తే మళ్లీ 31.5 శాతమే వస్తుంది, కానీ అది ఈ బిల్లు కథ కాదు. జూన్ 22 నుంచి ఆగస్టు 1 వరకు 40 రోజులు డబ్బు వాడుకున్నారు. రేటు సగమై 15.7 శాతానికి దిగుతుంది. అందుకే లెక్కకు కావాల్సింది గడువు తేదీ కాదు, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో డబ్బు పోయిన తేదీ. చెక్కు ఇస్తే చెక్కు మీది తేదీ కూడా కాదు, అది క్లియరైన రోజు.

మూడోది చిన్న బిల్లు. నాకు అన్నిటికన్నా బాధగా అనిపించింది అదే. జూన్ 20న బేసిక్ 1,00,000, మొత్తం 1,18,000. జూన్ 30 లోపు 2,000 సీడీ. షాపువాళ్లు జూలై 4న కట్టేశారు. నాలుగు రోజుల కోసం 2,000! 1.724ను 365తో గుణించి 4తో భాగిస్తే 157 శాతం, అంటే నూటికి నెలకు పదమూడు రూపాయల వడ్డీ. సీడీ తేదీ దాటిందంటే ఇక తొందరపడటంలో అర్థం లేదు. జూలై 20 దాకా ఆగి ఉంటే అదే 2,000కు 20 రోజులు వచ్చేవి.

స్ప్రెడ్‌షీట్‌లో B గడిలో బిల్లు మొత్తం, C లో సీడీ, D లో సీడీ చివరి తేదీ, E లో డబ్బు పోయిన తేదీ పెట్టి ఇది రాయండి:

```
=C2/(B2-C2)*365/(E2-D2)
```

మూడు బిల్లులకూ కలిపి ఒకే రేటు కావాలంటే, 31.5, 15.7, 157 కూడి మూడుతో భాగించకండి. అలా చేస్తే 68 శాతం వస్తుంది, అది తప్పు. నాలుగు రోజుల చిన్న బిల్లు మొత్తం లెక్కను లాగేస్తుంది. ఒక్కో బిల్లులో సీడీ పోను మిగిలిన మొత్తాన్ని రోజులతో గుణించి కూడండి. ఇక్కడ ఆ కూడిక 1,20,64,000. వదిలేసిన సీడీ మొత్తం 9,000. దాన్ని 365తో గుణించి ఆ కూడికతో భాగిస్తే 27.2 శాతం. యజమానికి చెప్పాల్సిన అంకె ఇదే.

ఈ షాపుకు బ్యాంకులో సీసీ, అంటే లిమిట్ వరకు అవసరమైనప్పుడు తీసుకునే క్యాష్ క్రెడిట్ అప్పు ఖాతా ఉంది. దాని మీద వడ్డీ 11 శాతం. లిమిట్‌లో ఖాళీ ఉంది. మొదటి బిల్లు కోసం 2,32,000 సీసీ నుంచి 20 రోజులు వాడితే వడ్డీ 1,398. మిగిలేది 2,602. రెండో బిల్లుకు వడ్డీ 2,098 పోను 902 మాత్రమే మిగులుతుంది. సీసీ నిండిపోయి ఉంటే మాత్రం 11 శాతంతో పోల్చి లాభం లేదు. అప్పుడు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఆ చోటి వడ్డీతోనే పోల్చాలి.

11 శాతంతో సమానం కావాలంటే సీడీ తేదీ తర్వాత 57 రోజులు ఆగాలి. అంతకన్నా ఆలస్యంగా కట్టేవారికి సీడీ వదలడమే చవక అని లెక్క చెబుతుంది. అయితే సరఫరాదారు సూక్ష్మ లేదా చిన్న తయారీ సంస్థగా నమోదై ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే ఆర్‌బీఐ ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ.

వచ్చే పాఠానికి ముందు ఇది మీరే చేసి చూడండి. మరో సరఫరాదారు బిల్లు: బేసిక్ 80,000, జీఎస్టీ 14,400. 7 రోజుల్లో కడితే బేసిక్ మీద 1 శాతం సీడీ, లేదంటే 45 రోజులు. షాపు సరిగ్గా 45వ రోజున కడుతుంది, సీసీ వడ్డీ అదే 11 శాతం. సీసీ నుంచి తీసి ముందే కట్టాలా, వద్దా?